నకిలీ ప్రొఫైల్ మీద యాప్ సపోర్ట్‌కు ఫిర్యాదు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఎవరో మీ పేరు, మీ ఫోటోలు పెట్టుకుని ప్రొఫైల్ తెరిచారు. దాన్నుంచి మీ పరిచయస్తులను డబ్బు అడుగుతున్నారు. మీరు రిపోర్ట్ కొట్టారు. రెండు రోజులకు "మా నిబంధనలకు విరుద్ధంగా ఏమీ కనిపించలేదు" అని జవాబు వచ్చింది. జరిగిన మోసం నిజమే, మీ బాధా నిజమే. కానీ సపోర్ట్‌లో కూర్చున్న మనిషికి మీరెవరో తెలియదు. రెండు ప్రొఫైళ్లు పక్కపక్కన పెడితే ఏది అసలో, ఏది నకలో ఆ మనిషి చెప్పలేరు. మీరు చూపించిందే వారికి కనబడుతుంది. ఈ ఒక్క రకం కేసులో, అంటే మీ పేరుతో మరొకరు నడిపే ఖాతా విషయంలో, పదే పదే వచ్చే సందేహాలకు జవాబులు ఇవి.

## రిపోర్ట్ చేయకముందు

నకిలీ ప్రొఫైల్ కనబడింది. ముందు బ్లాక్ చేయాలా, రిపోర్ట్ చేయాలా?

రెండూ తర్వాతే. ముందు ఆధారం దాచుకోండి. బ్లాక్ చేసిన మరుక్షణం చాలా యాప్‌లలో ఆ ప్రొఫైల్ మీకు తెరుచుకోదు. లింకు కాపీ చేసుకునే వీలు కూడా పోతుంది. డేటింగ్ యాప్‌లలో ఇంకా ఇబ్బంది: అన్‌మ్యాచ్ చేస్తే చాట్ మొత్తం మాయమయ్యేవి చాలా ఉన్నాయి. కాబట్టి స్క్రీన్‌షాట్లు, ప్రొఫైల్ లింకు, తర్వాత రిపోర్ట్, చివరికి బ్లాక్. ఈ వరుస తప్పకండి.

చాట్ డిలీట్ చేయకుండా ఉంచడానికి మరో కారణం ఉంది. మెసేజీలు ఎన్‌క్రిప్ట్ అయ్యే యాప్‌లలో సంభాషణ కంపెనీకి కనబడదు. మీరు చాట్ లోపలి నుంచి రిపోర్ట్ చేసినప్పుడే కొంత భాగం వాళ్లకు చేరుతుంది. ఉదాహరణకు వాట్సాప్‌లో రిపోర్ట్ చేస్తే, అవతలి వ్యక్తి మీకు పంపిన చివరి ఐదు మెసేజీల వరకు సంస్థకు వెళ్తాయి. చాట్ తుడిచేసి రిపోర్ట్ చేస్తే వెళ్లడానికి ఏమీ మిగలదు.

అది నకిలీయేనని ఖాయంగా ఎలా చెప్పగలం?

పేరు ఒకటే అయినంత మాత్రాన నకిలీ కాదు. ఒకే పేరున్నవాళ్లు ఎందరో ఉంటారు. వ్యంగ్యం కోసమని, అభిమానులమని స్పష్టంగా రాసుకున్న ఖాతాలను చాలా యాప్‌లు అనుమతిస్తాయి. మీరే ఎప్పుడో తెరిచి మరిచిపోయిన పాత ఖాతా కూడా కావచ్చు. మీ పాత ఈమెయిల్, పాత ఫోన్ నంబరుతో లాగిన్‌కు ప్రయత్నించి అది ముందే తేల్చుకోండి. "ఇది నేనే" అని అవతలివాళ్లు నమ్మేలా మీ పేరు, మీ ముఖం, మీ వివరాలు కలిపి వాడుతుంటేనే అది మీరుగా నటించడం.

మరొకటి: మీ ఖాతానే ఎవరైనా చేజిక్కించుకుని దాన్నుంచి మెసేజీలు పంపుతుంటే అది నకిలీ ప్రొఫైల్ కాదు, హ్యాక్ అయిన ఖాతా. దానికి ఫారమ్ వేరు, చూసే విభాగం వేరు.

తెలియనట్టు మాట్లాడి, వాడెవడో కనుక్కోవచ్చా?

వద్దు. మీకు అనుమానం వచ్చిందని తెలిస్తే చాలు, పేరు మార్చేస్తారు, ఫోటోలు తీసేస్తారు, మిమ్మల్ని బ్లాక్ చేస్తారు. రిపోర్ట్‌కు వాడెవడో అవసరం లేదు. ఆ ఖాతా ఏం చేసిందో చూపిస్తే చాలు.

## ఆధారాలు పోగేయడం

యూజర్‌నేమ్ రాస్తే సరిపోదా? లింకు ఎందుకు?

చాలా యాప్‌లలో యూజర్‌నేమ్ ఎప్పుడైనా మార్చుకోవచ్చు. మీరు సోమవారం రాసిన పేరు, సపోర్ట్ మనిషి బుధవారం వెతికేసరికి ఉండకపోవచ్చు. "అలాంటి ఖాతా లేదు" అని టికెట్‌ను, అంటే నంబరు వేసి నమోదు చేసుకున్న మీ ఫిర్యాదును, మూసేస్తారు. ఖాతా పుట్టినప్పుడు యాప్ ఇచ్చిన సంఖ్య, అంటే యూజర్ ఐడీ, సాధారణంగా మారదు. కొన్ని యాప్‌లలో ప్రొఫైల్ లింకులోనే ఆ సంఖ్య కనబడుతుంది. అందుకే ప్రొఫైల్‌లో మూడు చుక్కల మెనూ గానీ షేర్ బటన్ గానీ నొక్కి, లింకు కాపీ చేసి, నోట్స్‌లో అతికించుకోండి. కాపీ చేసిన తేదీ, సమయం కూడా పక్కన రాసుకోండి.

యూజర్‌నేమ్‌ను చూసి టైప్ చేయకండి, కాపీ చేయండి. నకిలీ ఖాతా తెరిచేవాళ్ల పాత ఎత్తు ఇక్కడే ఉంటుంది: చిన్న `l` ఉండాల్సిన చోట పెద్ద `I` పెడతారు, `o` బదులు `0` పెడతారు, చివర ఒక `_` తగిలిస్తారు. కంటికి తేడా తెలియదు. మీరు చూసి టైప్ చేస్తే, తెలియకుండానే మీ అసలు ఖాతా పేరే రాసి, మీ మీద మీరే ఫిర్యాదు చేసుకున్నట్టవుతుంది. ఇది నిజంగా జరిగే పొరపాటు.

స్క్రీన్‌షాట్ తీశాను. అది చాలదా?

ఎలా తీశారన్నదాన్ని బట్టి ఉంటుంది. "అర్జెంటుగా డబ్బు పంపు" అన్న ఒక్క బబుల్‌ను కత్తిరించి పంపితే, అది ఎవరు, ఎవరికి, ఎప్పుడు రాశారో అందులో ఉండదు. స్క్రీన్ మొత్తం ఉండాలి: పైన ఖాతా పేరు, మెసేజీల మధ్య తేదీ, ఫోన్ సమయం చూపించే పట్టీ. చాట్ పొడవుగా ఉంటే, ఒక స్క్రీన్‌షాట్‌లోని చివరి మెసేజీ తర్వాతి దానిలో మొదట కనబడేలా కొంచెం కొంచెంగా జరుపుతూ తీయండి. మధ్యలో ఏదీ తీసేయలేదని అప్పుడు తెలుస్తుంది.

చాట్‌కూ ప్రొఫైల్‌కూ ముడి వేయడానికి స్క్రీన్ రికార్డింగ్‌ను మించింది లేదు. యాప్ తెరవడం, చాట్‌లోకి వెళ్లడం, పైనున్న పేరు మీద నొక్కడం, ప్రొఫైల్ తెరుచుకోవడం, లింకు కాపీ చేయడం: ఇదంతా ఆపకుండా ఒకే రికార్డింగ్‌లో 30 నుంచి 40 సెకన్లలో అయిపోతుంది. ఈ మెసేజీలు ఈ ఖాతా నుంచే వచ్చాయని చెప్పడానికి అది చాలు. రికార్డింగ్ మొదలుపెట్టే ముందు నోటిఫికేషన్లు ఆపండి. మీ ఓటీపీలు, ఇంట్లోవాళ్ల మెసేజీలు అందులో పడకూడదు.

నన్ను ముందే బ్లాక్ చేశారు. నాకు ప్రొఫైల్ కనబడటం లేదు.

నకిలీ ఖాతా తెరిచినవాళ్లు చేసే మొదటి పని తరచుగా ఇదే. మెసేజీ అందుకున్న స్నేహితుల్లో ఒకరిని అడగండి. వాళ్లు చేయాల్సినవి రెండు: చాట్, ప్రొఫైల్ స్క్రీన్‌షాట్లు తీసి ఇవ్వడం, తమ ఫోన్ నుంచి ఆ చాట్ లోపలే రిపోర్ట్ చేయడం. వాళ్ల స్క్రీన్‌షాట్‌ను మీ రిపోర్ట్‌లో పెట్టేటప్పుడు "ఇది నా పరిచయస్తురాలి ఫోన్‌లో తీసినది" అని రాయండి. రాయకపోతే, నాకు కనబడటం లేదంటూనే స్క్రీన్‌షాట్ ఎలా తీశారన్న అనుమానం వస్తుంది.

స్క్రీన్‌షాట్లను మెసేజింగ్ యాప్‌లో ఫోటోగా పంపుకుంటే నాణ్యత తగ్గి చిన్న అక్షరాలు మసకబారతాయి. డాక్యుమెంట్‌గా గానీ ఈమెయిల్‌లో గానీ పంపమనండి.

ఆ ఫోటోలు నావేనని ఎలా చూపించాలి?

ముఖం మీదని చెప్పడం కన్నా, ఆ ఫోటో ముందు మీ దగ్గరే ఉందని చూపడం బలమైన ఆధారం. నకిలీ ప్రొఫైల్‌లోని ఒక్కో ఫోటోకు మీ అసలు ఖాతాలో అదే ఫోటో ఉన్న పోస్టు వెతికి, ఆ పోస్టు లింకు, తేదీ రాయండి. మీరు 2023 మార్చి 12న పెట్టిన ఫోటో, నకిలీ ఖాతాలో 2025 జూన్ 2న పడితే ఏది ముందో ఎవరైనా చెప్పగలరు.

మీరు ఎక్కడా పెట్టని ఫోటో అయితే ఫోన్‌లోని అసలు ఫైల్ పనికొస్తుంది. అందులో తీసిన తేదీ, కెమెరా వివరాలు ఉంటాయి. ఇంకో సూక్ష్మం: దొంగిలించిన ఫోటోను సాధారణంగా కత్తిరించే పెడతారు. మీ దగ్గరున్న అసలు ఫోటోలో అంచులు కూడా ఉంటాయి, అంటే నకిలీలో కనబడని భుజం, వెనక గోడ, పక్కన నిల్చున్న మనిషి. కత్తిరించిన ఫోటో నుంచి ఆ అంచులను ఎవరూ తిరిగి తేలేరు. రెండింటినీ పక్కపక్కన పెట్టిన ఒక్క చిత్రం పేజీడు వివరణ కన్నా త్వరగా అర్థమవుతుంది.

చూడగానే మాయమైపోయే ఫోటోలు, మెసేజీలు పంపుతున్నారు. స్క్రీన్‌షాట్ తీస్తే వాళ్లకు తెలుస్తుందా?

స్నాప్‌చాట్ లాంటి యాప్‌లు స్క్రీన్‌షాట్ తీసిన సంగతి అవతలివాళ్లకు చెబుతాయి. అలాంటి చోట మరో ఫోన్‌తో స్క్రీన్‌ను ఫోటో తీయండి. గది దీపాల మెరుపు అద్దం మీద పడకుండా, పైనున్న ఖాతా పేరు చదవగలిగేలా తీస్తే చాలు.

స్క్రీన్‌షాట్ల మీద గుండ్రాలు, బాణాలు గీయొచ్చా?

గీయొచ్చు, కాపీ మీద. ముట్టుకోని అసలు ఫైల్ కూడా జతచేయండి. మూడోవ్యక్తి ఫోన్ నంబరు లాంటివి కప్పేయాల్సి వస్తే, మసకబార్చకుండా నిండు నల్ల పట్టీతో కప్పండి. నకిలీ ఖాతా డబ్బు పంపమని ఇచ్చిన నంబరును మాత్రం కప్పకండి. అదే ముఖ్యమైన ఆధారం.

## రిపోర్ట్ రాయడం

చాలా కారణాలు చూపిస్తున్నారు. ఏది ఎంచుకోవాలి?

ఎంచుకున్న కారణాన్ని బట్టే మీ రిపోర్ట్ ఏ విభాగానికి వెళ్లాలో తేలుతుంది. "స్పామ్" అని నొక్కితే, ఆ ఖాతా గంపగుత్తగా ప్రకటనలు పంపుతోందా అని చూస్తారు. పంపడం లేదు కాబట్టి తప్పు లేదంటారు. మీ పేరు, ఫోటోలు వాడుతున్న కేసులో "మరొకరిలా నటిస్తున్నారు" అన్న అర్థమిచ్చేదాన్నే ఎంచుకోండి. తర్వాత "ఎవరిలా?" అని అడిగితే "నాలా" అని చెప్పి మీ అసలు ఖాతాను చూపించండి. డబ్బు అడిగిన సంగతి వివరణలో రాయండి. మోసానికి వేరే ఎంపిక ఉంటే, మెసేజీ అందుకున్న స్నేహితులు దాన్ని ఎంచుకోవడం సబబు, ఎందుకంటే మోసపోబోయింది వాళ్లు.

యాప్‌లోని బటన్ చాలాసార్లు ఫైళ్లు జతచేయనివ్వదు. సహాయ కేంద్రంలో దీనికోసం విడిగా వెబ్ ఫారమ్ ఉందేమో వెతకండి. మీకు ఆ యాప్‌లో ఖాతా లేకపోయినా ఫిర్యాదు తీసుకునే ఫారమ్‌లు ఉన్నాయి.

వివరణలో ఏం రాయాలి? ఎంత రాయాలి?

ఒక స్క్రీన్‌కు మించకూడదు. మొదటి రెండు లైన్లలోనే ఏ ఖాతా, ఏం తప్పు అన్నది తెలిసిపోవాలి. తర్వాత నంబరు వేసిన వాస్తవాలు, ఒక్కోదానికి ఫైల్ నంబరు. చివర మీరు కోరేది. మీ మనోవేదన, ఎవరి మీద అనుమానం, పాత గొడవలు ఇందులోకి రానివ్వకండి. వాటిని పరిశీలించేవారు తేల్చలేరు. పైగా ఇది ఇద్దరి మధ్య తగాదా అనుకునే ప్రమాదం ఉంది.

ఒక నమూనా చూడండి:

> విషయం: నాలా నటిస్తూ డబ్బు అడుగుతున్న ఖాతా
>
> నకిలీ ఖాతా: `@example_name_0`, లింకు: `https://app.example/u/48213377`
> నా అసలు ఖాతా: `@example_name`, లింకు: `https://app.example/u/1092846`
>
> 1. నకిలీ ఖాతా నా పూర్తి పేరు, నా పరిచయ వాక్యం మక్కీకి మక్కీ వాడుతోంది. (ఫైల్ 01, 02)
> 2. అందులోని ప్రొఫైల్ ఫోటో నేను 2023 మార్చి 12న నా ఖాతాలో పెట్టినది. కత్తిరించని అసలు ఫోటో జతచేశాను. (ఫైల్ 03)
> 3. 2025 జూన్ 4న రాత్రి 9:14కు (UTC+5:30) ఈ ఖాతా నా పరిచయస్తురాలికి "ఫోన్ పోయింది, ఈ నంబరుకు డబ్బు పంపు" అని రాసింది. స్క్రీన్‌షాట్ ఆమె ఫోన్‌లో తీసినది. (ఫైల్ 04)
> 4. ఆ చాట్ నుంచి ప్రొఫైల్‌కు వెళ్లడం రికార్డింగ్‌లో ఉంది. (ఫైల్ 05, 35 సెకన్లు)
>
> ఈ ఖాతాను నేను తెరవలేదు, ఎవరికీ అనుమతి ఇవ్వలేదు. దీన్ని తొలగించమని కోరుతున్నాను.

మూడో అంశం చూడండి. "అందరినీ డబ్బు అడుగుతున్నాడు" అని లేదు. ఒక తేదీ, ఒక సమయం, ఒక మెసేజీ, ఒక ఫైల్ ఉన్నాయి. సమయం పక్కన UTC తేడా, అంటే ప్రపంచ ప్రామాణిక సమయానికీ మన సమయానికీ ఉన్న తేడా, రాయడం ఎందుకంటే, చదివేవారు వేరే దేశంలో ఉండవచ్చు. మీ రాత్రి 9:14 వాళ్ల రికార్డులో వేరే గంటగా, కొన్నిసార్లు వేరే తేదీగా కూడా ఉంటుంది.

తెలుగులో రాయొచ్చా?

సహాయ కేంద్రం తెలుగులో ఉంటే రాయండి. లేకపోతే ఇంగ్లీషులో చిన్న చిన్న వాక్యాలు చాలు. వ్యాకరణం ఎవరూ పట్టించుకోరు. అసలు చిక్కు చాట్‌లో వస్తుంది. డబ్బు అడిగిన మెసేజీ తెలుగులో ఉంటే, లేదా ఇంగ్లీషు అక్షరాలతో రాసిన తెలుగులో ఉంటే, చదివేవారికి అది ఏమీ చెప్పదు. అనువాద యంత్రాలు కూడా అలాంటి రాతను తరచుగా తప్పుగా చదువుతాయి. ముఖ్యమైన రెండు మూడు మెసేజీలకు, ఉన్నది ఉన్నట్టుగా, మాటకు మాట అనువాదం వివరణలో ఇవ్వండి.

ఫైళ్లకు పేర్లు పెట్టాలా? ఎన్ని పంపాలి?

నాలుగైదు చాలు. నలభై స్క్రీన్‌షాట్లు పంపితే, అసలైనది ముప్పై ఒకటోది అయితే, అక్కడిదాకా ఎవరూ రారు. ఫోన్ పెట్టే పేర్లు తీసేసి, వివరణలోని నంబర్లకు సరిపోయేలా మార్చండి:

```
01_nakili_profile.png
02_asalu_profile.png
03_photo_polika.png
04_chat_dabbu.png
05_chat_to_profile.mp4
```

ఫారమ్ వీడియో తీసుకోకపోతే, అందులోని మూడు ఘట్టాలను స్క్రీన్‌షాట్లుగా పంపండి. ఈమెయిల్‌లో పంపేటట్టయితే జీమెయిల్ హద్దు 25 ఎంబీ. అది దాటితే ఫైల్ డ్రైవ్ లింకుగా మారిపోతుంది. బయటి లింకులు తెరవడానికి సపోర్ట్ సిబ్బందికి అనుమతి లేకపోవచ్చు కాబట్టి వీడియోను కుదించి నేరుగా జతచేయండి. జిప్ చేయకండి.

## పంపేటప్పుడు

గుర్తింపు కార్డు అడుగుతున్నారు. ఇవ్వడం క్షేమమేనా?

మీరుగా నటిస్తున్నారని చెప్పేది మీరేనని వాళ్లకు రూఢి కావాలి, అందుకే అడుగుతారు. సంస్థ సొంత వెబ్‌సైట్‌లోని ఫారమ్‌లోనే ఇవ్వండి. మెసేజీలో వచ్చిన లింకులో ఎప్పుడూ వద్దు. పేరు, ఫోటో కనబడాలి. కార్డు నంబరు, చిరునామా కప్పవచ్చని ఫారమ్ చెబితే కప్పేయండి. ఫలానా యాప్‌కు, ఫలానా తేదీన, ఈ ఫిర్యాదు కోసం మాత్రమే అని కాపీ మీద అడ్డంగా రాస్తే, అది మరోచోట వాడటం కష్టమవుతుంది. ఆ రాత ముఖం మీద పడకూడదు.

వందమందితో రిపోర్ట్ కొట్టిస్తే త్వరగా తీసేస్తారా?

ఎన్ని రిపోర్టులు వచ్చాయన్న లెక్కను బట్టి ఖాతాను తీసేయబోమని ఇన్‌స్టాగ్రామ్ లాంటి యాప్‌లు చెబుతున్నాయి. మీరు ఆధారాలతో పంపిన ఒకటి, మెసేజీ నిజంగా అందుకున్న ఇద్దరు ముగ్గురు తమ చాట్‌ల నుంచి పంపినవి: ఇవి చాలు. ఆ ప్రొఫైల్ ఎప్పుడూ చూడనివాళ్లు తలా ఒక కారణం నొక్కితే గందరగోళమే.

## పంపిన తర్వాత

"ఉల్లంఘన ఏమీ లేదు" అని జవాబు వచ్చింది. ఇప్పుడేం చేయాలి?

పునఃపరిశీలన కోరే బటన్ ఉంటే దాన్నే వాడండి. ఈమెయిల్ అయితే అదే మెయిల్‌కు జవాబివ్వండి, సబ్జెక్టులోని టికెట్ నంబరు చెదరకుండా. కొత్త మెయిల్ రాస్తే పాత ఆధారాలు దానికి అంటుకోవు. పాత మాటలే పెద్ద అక్షరాల్లో రాయడం వల్ల ఫలితం మారదు. ఏ లంకె తెగిందో చూసుకోండి. లింకు ఇచ్చారా? కారణం సరైనదేనా? ఫోటో ముందు మీ దగ్గరే ఉందని తేదీతో చూపారా? లేని ఆ ఒక్కటి జతచేసి, "కొత్తగా ఇచ్చిన ఆధారం ఇది" అని మొదటి లైన్‌లో రాయండి.

"మేం సపోర్ట్ టీమ్, మీ ఫిర్యాదు చూస్తున్నాం" అని మెసేజీ వచ్చింది. నమ్మొచ్చా?

నకిలీ ఖాతా గురించి బహిరంగంగా పోస్టు పెట్టినవాళ్ల దగ్గరికి ఇలాంటివి వచ్చి వాలతాయి. ఓటీపీ, పాస్‌వర్డ్, డబ్బు అడిగితే అది సపోర్ట్ కాదు. యాప్ సెట్టింగ్స్‌లోని సపోర్ట్ ఇన్‌బాక్స్‌లో మీ టికెట్ ఉందో లేదో చూడండి. అక్కడ లేని సంభాషణ నిజమైనది కాదనుకోండి.

తీసేశారు, కానీ అవే ఫోటోలతో మళ్లీ కొత్త ఖాతా వచ్చింది.

కొత్త లింకుతో కొత్త రిపోర్ట్ పెట్టి, పాత టికెట్ నంబరు, పాత ఖాతా లింకు, అది తొలగించిన తేదీ రాయండి. ఇలా మళ్లీ తెరవడమే చాలా యాప్‌లలో విడిగా ఒక ఉల్లంఘన. అందుకే మొదటిసారి పోగేసిన ఫోల్డర్‌ను, వచ్చిన జవాబులతో సహా దాచి ఉంచండి. రెండోసారి ప్రొఫైల్, చాట్ స్క్రీన్‌షాట్లు మాత్రమే కొత్తవి తీస్తే సరిపోతుంది.

ఎవరు తెరిచారో యాప్ వాళ్లు చెబుతారా?

చెప్పరు. ఆ ఖాతా వెనకున్న ఫోన్ నంబరు, ఐపీ అడ్రసు లాంటివి చట్టపరంగా అడిగిన అధికారులకే ఇస్తారు. పోలీసులకు ఫిర్యాదు చేసే ఆలోచన ఉంటే ఆలస్యం చేయకండి. తొలగించిన ఖాతాల రికార్డులను సంస్థలు కలకాలం ఉంచవు. వాటిని భద్రపరచమని అధికారులు సంస్థను ముందుగానే కోరవచ్చు.

మా బంధువు అప్పటికే డబ్బు పంపేశారు.

యాప్ సపోర్ట్ ఆ డబ్బు వెనక్కి తేలేదు. వాళ్ల జవాబు కోసం ఒక్క గంట కూడా ఆగొద్దు. పంపినవారే తమ బ్యాంకుకు లేదా చెల్లింపు యాప్‌కు ఫోన్ చేసి, లావాదేవీ నంబరు, సమయం, డబ్బు చేరిన ఖాతా వివరాలు చెప్పాలి. ఆ డబ్బు ఇంకో ఖాతాకు మారకముందే ఆపగలిగితేనే తిరిగొచ్చే వీలుంటుంది. తర్వాత ఆ చెల్లింపు రసీదును మీ రిపోర్ట్‌కు మరో ఫైల్‌గా జతచేయండి.

నకిలీ ఖాతాలో నా అంతరంగిక ఫోటోలు పెట్టారు. వాటిని కూడా ఆధారంగా పంపాలా?

పంపనక్కర్లేదు. ఆ పోస్టు లింకు ఇచ్చి, అంతరంగిక చిత్రాలకు విడిగా ఉండే కారణాన్ని ఎంచుకోండి. పెద్దవాళ్ల విషయంలో `StopNCII.org` అనే ఉచిత సేవ ఉంది. అది ఫోటోను ఎక్కడికీ పంపదు. మీ ఫోన్‌లోనే దాని నుంచి ఒక డిజిటల్ వేలిముద్ర లాంటిది తయారుచేసి, ఈ సేవలో చేరిన సంస్థలకు అదొక్కటే అందిస్తుంది. ఫోటో తీసేనాటికి 18 ఏళ్లు నిండనివారికి ఇలాంటి సేవే `Take It Down`. పిల్లల అంతరంగిక ఫోటోలను ఆధారం కోసమని కూడా స్క్రీన్‌షాట్ తీయకండి, ఎవరికీ పంపకండి. చాలా దేశాల్లో అది దగ్గర ఉంచుకోవడమే నేరం. లింకు రాసుకుని, యాప్‌కూ పోలీసులకూ ఆ లింకే ఇవ్వండి.